ఉమ్మడి స్థలంలో ఆరు కుటుంబాలకు సమానంగా కూరగాయల మళ్ళు: దారులు ముందు, మళ్ళు తర్వాత

ప్రశ్న: "మేం ఆరు కుటుంబాల వాళ్ళం పక్కపక్క ఇళ్ళలో ఉంటాం. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న ఉమ్మడి స్థలంలో కూరగాయలు వేసుకోవాలనుకుంటున్నాం. పొడవు తూర్పు పడమరలుగా ఉంది. తూర్పు వైపు మధ్యలో గేటు, ఈశాన్యం మూల ఒకే ఒక కుళాయి, నైరుతి మూల పెద్ద చెట్టు. ఆరుతో భాగిస్తే తలా 400 చదరపు అడుగులు వస్తాయి. దారులు ఎక్కడ వదలాలి? ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా గీయాలి?"

జవాబు:

ఆ 400 అనే అంకెను ముందు పక్కన పెట్టేయండి. మొత్తం స్థలాన్ని ఆరుతో భాగించి తలా 20 అడుగుల చదరం ఇచ్చేస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది, నేల మీద సరిపోదు. 20 అడుగుల చదరం మధ్యలోకి చేయి అందదు కాబట్టి ప్రతి కుటుంబం తన భాగంలో తన సొంత దారి వేసుకోవాల్సి వస్తుంది. ఒకరు అడుగు వెడల్పు దారి వేస్తారు, ఇంకొకరు మూడడుగులు వేస్తారు. గేటుకు దూరంగా ఉన్నవాళ్ళు దగ్గరివాళ్ళ భాగంలోంచే నడవాలి. ఇద్దరి మధ్య సరిహద్దు గీత ఎవరిదో తేలదు. నేను పాల్గొన్న మొదటి ఉమ్మడి తోటలో సరిగ్గా ఇలాగే చేశాం. రెండో పంటకల్లా గొడవలన్నీ దారుల దగ్గరే మొదలయ్యాయి, మొక్కల దగ్గర ఒక్కటీ రాలేదు.

అందుకే లెక్క తలకిందులుగా మొదలుపెట్టాలి. ముందు మడి వెడల్పు, తర్వాత దారులు, ఆ తర్వాత ఎన్ని మళ్ళు పడతాయో చూడటం, చివరగా పంపకం.

మడి వెడల్పును స్థలం నిర్ణయించదు, మన చేయి నిర్ణయిస్తుంది. గొంతుకూర్చుని చేయి చాపితే పెద్దవాళ్ళకు నడుం నొప్పి రాకుండా రెండడుగుల దాకా అందుతుంది. రెండు పక్కల నుంచీ అందుకోవచ్చు కాబట్టి మడి వెడల్పు నాలుగడుగులు. ఐదు చేస్తే చోటు కలిసొస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. మధ్య అడుగు అందక మడిలో కాలు పెడతారు, కాలు పెట్టిన చోట మట్టి గట్టిపడుతుంది. అది కంటికి కనబడదు గానీ సన్నటి ఇనుప చువ్వను చేత్తో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. తొక్కని మట్టిలో జానెడు లోతుకు సులువుగా దిగుతుంది, తొక్కిన చోట బెత్తెడు దిగి ఆగిపోతుంది. నీళ్ళు పోసినప్పుడు మడి అంతా ఇంకిపోయి ఒక్క చోట మాత్రం పావుగంటయినా మడుగు కట్టి ఉందంటే అక్కడ ఎవరో నడుస్తున్నారన్నమాట. మీలో చేతులు అంత దూరం చాపలేని పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళు వేసే మళ్ళను మూడడుగులకే పరిమితం చేసి, తగ్గిన చోటుకు బదులు ఇంకో మడిలో వాటా ఇవ్వండి.

మళ్ళ మధ్య దారి రెండడుగులు చాలు. మోకాళ్ళ మీద కూర్చోవడానికి, బకెట్ మోసుకెళ్ళడానికి అది సరిపోతుంది. అడుగున్నర చేస్తే మొదట్లో బాగానే ఉంటుంది. టమాటా, వంగ గుబురుగా పెరిగి రెండు పక్కల నుంచీ దారి మీదికి వాలాక మాత్రం మనిషి పక్కకు తిరిగి నడవాల్సి వస్తుంది. ఎరువు బండి తిరిగే ప్రధాన దారి మాత్రం నాలుగడుగులు ఉండాలి. బండి ఎదురైతే మనిషి పక్కకు తప్పుకునే వీలుండాలి కదా.

ఇప్పుడు మీ స్థలంలోకి వద్దాం. గేటు తూర్పు మధ్యలో ఉంది కాబట్టి ప్రధాన దారి అక్కడి నుంచి నేరుగా పడమరకు, స్థలం నడిమధ్యగా వెళ్ళాలి. ఉత్తరం, దక్షిణం కంచెల వెంబడి రెండేసి అడుగులు వదలండి, లేకపోతే కంచె మీది కలుపు, తీగలు తీయడానికి ఎవరో ఒకరి మడి తొక్కాల్సి వస్తుంది. వెడల్పు 40 లోంచి ఈ నాలుగూ, ప్రధాన దారి నాలుగూ పోతే 32 మిగులుతాయి. అంటే దారికి అటు 16, ఇటు 16. మళ్ళు ఉత్తర దక్షిణాలుగా పడుకుంటాయి, ఒక్కొక్కటి 16 అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పొడవు ఇంతకంటే బాగా ఎక్కువైతే జనం చుట్టూ తిరిగి రావడానికి బద్ధకించి మడి మీంచి దాటేస్తారు. 16 అడుగులంటే తిరిగి రావడానికి విసుగు పుట్టని దూరం.

ఇక పొడవు వైపు. తూర్పు కంచె దగ్గర రెండడుగులు వదిలి, నాలుగడుగుల మడి, రెండడుగుల దారి అలా వేసుకుంటూ పోతే తొమ్మిది మళ్ళు, వాటి మధ్య ఎనిమిది దారులు కలిపి 36, 16 మొత్తం 52 అడుగులు అవుతాయి. పడమర చివర ఆరడుగుల పట్టీ మిగులుతుంది. ప్రధాన దారికి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది, మొత్తం 18 మళ్ళు. కుటుంబానికి మూడు మళ్ళు, అంటే 192 చదరపు అడుగులు.

400 అనుకున్నది 192 అయ్యేసరికి మీ వాళ్ళు నిరాశపడతారని నాకు తెలుసు. మొత్తం 2400 లో మళ్ళకు వచ్చేది 1152 మాత్రమే, సగం కంటే కొంచెం తక్కువ. కానీ 20 అడుగుల చదరంలో కూడా ఎవరికి వాళ్ళు దారులు తీసుకున్నాక పంటకు మిగిలేది 400 కాదు. పైగా అది ఒక్కొక్కరికి ఒక్కో రకంగా మిగులుతుంది. ఇక్కడ 192 అందరికీ అంగుళం తేడా లేకుండా 192. దారులను అడుగున్నరకు కుదిస్తే పదో వరస పడుతుంది, నిజమే. అప్పుడు మళ్ళు 20 అవుతాయి, ఆరుతో భాగిస్తే రెండు మిగులుతాయి. తలా మూడు మళ్ళే వస్తాయి, దారులు మాత్రం ఇరుకవుతాయి. మళ్ళ సంఖ్య కుటుంబాల సంఖ్యతో భాగించగలిగేదిగా ఉండాలన్నదే ఇక్కడ అసలు షరతు. ఒకటి రెండు మళ్ళ కోసం దాన్ని వదులుకోవద్దు.

పడమర మిగిలిన ఆరడుగుల పట్టీ వృథా కాదు. చెట్టు నీడ ఎక్కువగా పడే ఆ చోట పంట ఎలాగూ సరిగా రాదు. పనిముట్ల పెట్టె నైరుతిలో చెట్టు కింద పెట్టండి. కంపోస్టు కుప్పను మాత్రం అదే పట్టీలో వాయవ్యం మూలకు, చెట్టుకు వీలైనంత దూరంగా పెట్టండి. చెట్టు దగ్గర పెడితే దాని వేళ్ళు కింది నుంచి కుప్పలోకి ఎగబాకుతాయి. ఆరు నెలల తర్వాత పారతో ఎత్తబోతే ఎరువుకు బదులు వేళ్ళ చాప వస్తుంది.

సమానం అంటే చదరపు అడుగులు ఒక్కటే కాదు, ఎండ కూడా. మీ స్థలంలో అసలు చిక్కు అదే. కాయలు కాసే మొక్కలకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతోనూ నెట్టుకొస్తాయి. మీరు గీతలు గీయకముందే ఎండ బాగా ఉన్న ఒక రోజు ఉదయం తొమ్మిదికి, పన్నెండుకి, మధ్యాహ్నం మూడుకి చెట్టు నీడ అంచు వెంట కొయ్య మేకులు పాతండి. మూడింటికీ మూడు రంగుల గుడ్డ పీలికలు కడితే కలగాపులగం కాదు. ఇంకో కాలంలో మళ్ళీ చూడండి, సూర్యుడు నడిచే దారి మారే కొద్దీ నీడ చాలా దూరం జరుగుతుంది.

చెట్టు నైరుతిలో ఉంది కాబట్టి పడమర వైపు మళ్ళకు మధ్యాహ్నం ఎండ తగ్గుతుంది. తొమ్మిది వరసలనూ పడమర నుంచి మూడు, మధ్యలో మూడు, తూర్పున మూడు అని మూడు పట్టీలు చేయండి. ప్రతి పట్టీలో దారికి అటూ ఇటూ కలిపి ఆరు మళ్ళు ఉంటాయి. కుటుంబాలూ ఆరే. ప్రతి కుటుంబానికీ ప్రతి పట్టీలోనూ ఒక్కో మడి. అలా ఎండ మడి ఒకటి, నీడ మడి ఒకటి, మధ్యస్థం ఒకటి అందరికీ దక్కుతాయి. ఎవరికీ మూడూ చెట్టు కిందే పడవు.

పట్టీ లోపల కూడా ఆరు మళ్ళూ ఒకేలా ఉండవు. చెట్టుకు ఆనుకున్న మడికీ, అదే పట్టీలో మూడో మడికీ చాలా తేడా ఉంటుంది. అందుకని చీటీలు ఇలా వేయండి. ఒకటి నుంచి ఆరు దాకా వరస తేల్చడానికి ఒక్కసారే చీటీలు తీయండి. తూర్పు పట్టీలో ఒకటో నంబరు వాళ్ళు మొదట ఎంచుకుంటారు, ఆరో వాళ్ళు చివర. నీడ పట్టీలో ఇదే వరస వెనక నుంచి, అంటే ఆరో వాళ్ళు మొదట. మధ్య పట్టీలో తేడా తక్కువ కాబట్టి మళ్ళీ విడిగా చీటీలు తీయండి. నడవలేని వాళ్ళు ఎవరైనా ఉంటే గేటుకు దగ్గరి మడి వాళ్ళకని చీటీలకు ముందే అందరూ ఒప్పుకోండి. చీటీలు తీశాక మార్చబోతే మనసులు నొచ్చుకుంటాయి.

ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది, అది కూడా చెప్పాలి. ఒక కుటుంబం మళ్ళు మూడు చోట్ల ఉంటాయి కాబట్టి నడక, నీళ్ళ పైపు మోత పెరుగుతాయి. మేకులు పాతి చూస్తే నీడ తేడా మీరు అనుకున్నంత లేదని తేలితే మూడు మళ్ళూ పక్కపక్కనే ఇచ్చేయండి, అదే హాయి. చెట్టు లేకపోతే నేనూ అదే చెప్పేవాణ్ణి.

నీళ్ళ సంగతి. ఈశాన్యం కుళాయి నుంచి నైరుతి మడి దాకా దారుల వెంట నడిస్తే దాదాపు 100 అడుగులు. అంత పొడవు రబ్బరు పైపు లాగితే మలుపు మలుపునా మొక్కలు విరుగుతాయి. కుళాయి నుంచి ఒక గొట్టం తూర్పు కంచె వెంట 20 అడుగులు తెచ్చి, ప్రధాన దారిలో తిప్పి, అక్కడ రెండు కుళాయిలు పెట్టించండి. గేటు నుంచి 14 అడుగుల దగ్గర ఒకటి, 42 అడుగుల దగ్గర ఒకటి. ఈ రెండు చోట్లూ సరిగ్గా మడి మూలలకు వస్తాయి, కాబట్టి స్తంభం బండికి అడ్డం రాదు. అప్పుడు 35 అడుగుల రబ్బరు పైపుతో ప్రతి మడి చివరి అంచునూ తడపొచ్చు. గొట్టాన్ని దారి కిందే పాతించండి, మడి కింద వద్దు. మడిలో ఉన్న గొట్టానికి ఏదో ఒక రోజు గునపం తగులుతుంది. ప్రధాన దారి వైపున్న మడి మూలల్లో మోకాలెత్తు కర్రలు పాతితే లాగే పైపు కర్రకు తగిలి ఆగుతుంది, మొక్కల మీద పడదు.

వాన లేని వారంలో మడికి అంగుళం నీరు అనుకుంటే 64 చదరపు అడుగులకు సుమారు 150 లీటర్లు. మండే ఎండల్లో ఇంకా ఎక్కువే పడుతుంది. మీ కుళాయి కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. నిమిషంలో నిండితే మడికి ఏడున్నర నిమిషాలు, కుటుంబానికి 23 నిమిషాల దాకా. రెండు కుళాయిలూ ఒకేసారి తిప్పితే ఒక్కోదానికి ధార తగ్గుతుంది, గొట్టం ఒకటే కదా. ఆరు కుటుంబాలూ ఒకే సాయంత్రం వస్తే రెండు గంటలు దాటుతుంది కాబట్టి రోజులు పంచుకోవడమే మేలు.

గీతలు గీసే రోజు చాలామంది కంచెను నమ్మి కొలుస్తారు. కంచెలు అరుదుగా తిన్నగా ఉంటాయి. మీ 60 అడుగుల స్థలం ఒక పక్క 60, ఎదురు పక్క 59 ఉండొచ్చు. కాబట్టి కంచె నుంచి కాకుండా ప్రధాన దారి మధ్యగా ఒక పురికొస బిగించి, దాన్నే ఆధారంగా తీసుకోండి. ఆ తాడు మీద ఒక చోట మేకు కొట్టి, తాడు వెంట 16 అడుగులు, పక్కకు 12 అడుగులు కొలిచి, ఆ రెండు కొసల మధ్య సరిగ్గా 20 అడుగులు వచ్చేలా పక్క కొలతను జరపండి. అప్పుడు మూల లంబంగా వచ్చినట్టే. మూడు, నాలుగు, ఐదు అడుగులతోనూ ఇదే జరుగుతుంది గానీ త్రిభుజం ఎంత పెద్దదైతే తప్పు అంత తగ్గుతుంది. అలా మళ్ళన్నీ కలిసిన 52, 36 అడుగుల పెద్ద దీర్ఘచతురస్రాన్ని గుర్తు పెట్టాక రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 63 అడుగుల 3 అంగుళాలు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే దీర్ఘచతురస్రం పక్కకు ఒరిగిందని అర్థం. కంచె వంకరంతా చుట్టు దారిలో సర్దుకుపోతుంది. అది మళ్ళలోకి రాకూడదు. కొలతలకు టేపే వాడండి. తాడు లాగితే సాగుతుంది, అది తిన్నదనానికి మాత్రమే.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. ఒక మడి కొలిచి, దాని అంచు నుంచి దారి, మళ్ళీ అక్కడి నుంచి మడి అని కొలుచుకుంటూ పోకండి. ఒక్కో కొలతలో అర అంగుళం తప్పు పోయినా 17 కొలతలకు ఎనిమిదిన్నర అంగుళాలు అవుతుంది, అదంతా చివరి మడి మీద పడుతుంది. మేం సరిగ్గా అలాగే పోగొట్టుకున్నాం. చివరి కుటుంబం వాళ్ళు మౌనంగా ఒక పంట వేసుకున్నారు గానీ వాళ్ళ మడి సన్నగా ఉందని రోజూ చూస్తూనే ఉన్నారు. టేపు సున్నాను ఒక కొసన మేకుకు తగిలించి, కదపకుండా 0, 4, 6, 10, 12, 16, 18, 22, 24, 28, 30, 34, 36, 40, 42, 46, 48, 52 దగ్గర గుర్తులు పెట్టండి. ఉత్తరం అంచున, దక్షిణం అంచున, ప్రధాన దారి రెండు పక్కలా, ఇలా నాలుగు వరసల్లో. ఆ తర్వాత ఎదురెదురు గుర్తులకు తాడు కట్టడమే.

నేల వాలు చూడటం మర్చిపోవద్దు. మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో రెండు కొసల మట్టం చూస్తే తెలుస్తుంది. వాలు కొంచెమే అయితే పై ప్లాను అలాగే ఉంచి, దారుల్లో మూడంగుళాల పై మట్టి తీసి మళ్ళ మీద పోయండి. మడి దారి కంటే ఎత్తుగా ఉంటుంది, వాన నీరు దారుల వెంట పోతుంది. వాలు ఉత్తర దక్షిణాలుగా బాగా ఉంటే మాత్రం మళ్ళను తిప్పి వాలుకు అడ్డంగా వేయాలి, లేకపోతే ప్రతి దారీ వాగవుతుంది. అప్పుడు లెక్కంతా మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

దారులు తొలినాళ్ళలో ఎంత వెడల్పు ఉన్నా ఏడాదికల్లా సన్నబడతాయి. ఎవరూ కావాలని చేయరు. తవ్వినప్పుడల్లా పార అంచు దాటి రెండంగుళాలు బయటికి పోతుంది, అటు పక్కా అంతే. మడి మూలల్లో చెక్క మేకులకు బదులు అడుగున్నర ఇనుప చువ్వలు లోతుగా దిగగొట్టి, పైకి మిగిలిన మొన మీద ఒక మూత బిగించండి. ప్రతి పంటకు ముందు వాటి మధ్య తాడు కట్టి అంచు సరిచేయండి. దారుల మీద అట్టపెట్టెల అట్టలు పరిచి, పైన ఎండుటాకులో గడ్డో బెత్తెడు మందాన వేస్తే కలుపు లేవదు, కాలికి బురద అంటదు. కలుపు తీసే బాధ్యతకు ఒక తేలిక సూత్రం ఉంది. ప్రతి మడికీ తూర్పున ఉన్న దారి ఆ మడి వాళ్ళది. తూర్పు చివరి మడికి కంచె దారి వస్తుంది, కాబట్టి మడికొక దారి లెక్కన సరిగ్గా సరిపోతుంది. ప్రధాన దారి, మిగిలిన చుట్టు దారి, పడమర చివరి ఆరడుగుల పట్టీ వంతులవారీగా చూసుకోండి.

తీగ మొక్కల పందిళ్ళకు కూడా ఒక నియమం ముందే పెట్టుకోండి. సూర్యుడు దక్షిణానికి వాలి నడిచే చోట నీడ ఉత్తరానికి పడుతుంది కాబట్టి పందిరి మడి ఉత్తరపు కొసనే ఉండాలి, ఎత్తు ఆరడుగులు దాటకూడదు. సూర్యుడు 60 డిగ్రీల ఎత్తులో ఉంటే ఆరడుగుల పందిరి నీడ మూడున్నర అడుగులే. దక్షిణపు మడిలోని పందిరి నీడ ప్రధాన దారి మీదే పడి ఆగిపోతుంది. సూర్యుడు 45 డిగ్రీలకు దిగే రోజుల్లో నీడ ఆరడుగులు అవుతుంది, ఎదుటివాళ్ళ మడిలోకి రెండడుగులు వెళుతుంది. ఆ కాలంలో దక్షిణపు మళ్ళలో పందిరి నాలుగడుగులకు తగ్గించుకోవాలి. ఉత్తరపు మళ్ళ వాళ్ళకు ఈ ఇబ్బంది లేదు, వాళ్ళ నీడ కంచె మీద పడుతుంది.

రేపు ఒక కుటుంబం తప్పుకుంటే ఐదుగురికి మూడేసి మళ్ళు పోను మూడు మిగులుతాయి, పట్టీకి ఒకటి చొప్పున. వాటిని మళ్ళీ పంచుకోకుండా నారుమళ్ళకు ఉమ్మడిగా ఉంచండి, కొత్తగా ఎవరైనా చేరితే వాళ్ళకి ఇవ్వొచ్చు. ఏడో కుటుంబం వస్తానంటే మాత్రం 18 ఏడుతో పోదు. ఎవరి మడినైనా అడ్డంగా కోసి ముక్కలు చేయడానికి ఒప్పుకోకండి. ఎవరైనా ఒకరు తమ మూడో మడిని వాళ్ళకు ఒక పంట కాలానికి ఇష్టపడి ఇస్తే ఇవ్వనివ్వండి.